క్వింటాల్‌కు ఎన్ని యూనిట్లు? - మరో క్లయింటును తెచ్చిపెట్టే కేస్ స్టడీ

"ప్రముఖ రైస్ మిల్లుకు కరెంటు బిల్లు 38 శాతం తగ్గించాం."

ఒక ఎనర్జీ ఆడిటర్ ఈ వాక్యాన్ని కాగితం మీద అచ్చు వేయించుకుని, మండపేటలో మరో మిల్లు యజమాని చేతిలో పెట్టాడనుకోండి. ఆయన చదువుతాడు. కళ్లజోడు సర్దుకుని ఒక్కటే అడుగుతాడు.

"ఏ నెలకీ, ఏ నెలకీ అండీ?"

"డిసెంబరుకీ, ఫిబ్రవరికీ అండీ."

"డిసెంబరులో సార్వా ధాన్యం లారీలు గేటు బయట దాకా నిలబడతాయి. ఫిబ్రవరికి సరుకు పలచబడుతుంది. మీరు రాకపోయినా బిల్లు తగ్గేదే కదండీ?"

ఆ కాగితం పని అక్కడితో సరి. విచిత్రమేమిటంటే ఆడిటర్ అబద్ధం చెప్పలేదు. పని బాగానే చేశాడు, మిల్లుకు నిజంగా లాభం జరిగింది, 38 అనే అంకె కూడా బిల్లుల్లోంచి తీసిందే. కాకపోతే అందులో తన పని వల్ల తగ్గినదెంతో, సీజన్ వల్ల తగ్గినదెంతో విడదీయలేదు. ఎదుటివాడు అదే వృత్తిలో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఒక్క క్షణంలో పట్టేశాడు.

కేస్ స్టడీ చదివేది ఎప్పుడూ ఇలాంటి మనిషే. మీ పని గురించి అతనికి తెలియకపోవచ్చు. తన వ్యాపారం గురించి మాత్రం మీకంటే బాగా తెలుసు. అతని మొదటి ప్రశ్నకు నిలబడే అంకెను పట్టుకోవడమే ఈ అధ్యాయం విషయం. ఒకే మిల్లును మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం. ఈ మిల్లు లెక్క కోసం నేను ఊహించి కట్టుకున్నది. అంకెలు గుండ్రంగా ఉన్నా అందులో జరిగేవన్నీ మిల్లుల్లో జరిగేవే.

ముందు మిల్లును ఎంచుకోవడం

మన ఆడిటర్ ఈ ఏడాది ముగ్గురికి పని చేశాడు. ఒకటి పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ, రెండోది ఒక ప్రైవేటు ఆస్పత్రి, మూడోది గంటకు నాలుగు టన్నుల ధాన్యం ఆడే మామూలు రైస్ మిల్లు. రాయమంటే ఎవరికైనా సిమెంటు ఫ్యాక్టరీ మీదికే చెయ్యి పోతుంది, పేరు పెద్దది కాబట్టి. కానీ అతను తిరిగే చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్ని ఉంటాయి? రైస్ మిల్లులు మండపేట, తాడేపల్లిగూడెం, అటు మిర్యాలగూడ దాకా వరసగా ఉన్నాయి. పైగా ఫ్యాక్టరీ కథ చదివిన మిల్లు యజమాని "అది వాళ్ల స్థాయి, మనకెందుకు" అని పక్కన పెడతాడు.

కాబట్టి మొదటి ప్రశ్న ఎవరి పేరు గొప్పదని కాదు. ఎలాంటి క్లయింటు మరో పదిమంది కావాలి? రెండో ప్రశ్న, పని మొదలుపెట్టక ముందు పరిస్థితి ఎక్కడైనా అంకెల్లో నమోదై ఉందా? ముందరి అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం ఉండదు. ఆస్పత్రి విషయంలో అదే జరిగింది. పని మధ్యలో కొత్త వార్డు ఒకటి తెరిచారు, దేనితో దేన్ని పోల్చాలో తెలియకుండా పోయింది. అది మంచి పనే కావచ్చు, కేస్ స్టడీకి మాత్రం పనికిరాదు.

మిల్లుకు ఆ చిక్కు లేదు. కరెంటు బిల్లులు ఫైలులో ఉన్నాయి. రోజుకు ఎంత ధాన్యం ఆడించారో గుమాస్తా రిజిస్టరులో ఉంది. ఈ రెండు కాగితాలే మన కేస్ స్టడీకి పునాది.

38 ఎలా 17 అయింది

మిల్లుది హెచ్‌టీ కనెక్షన్. అలాంటి కనెక్షన్లకు మన రాష్ట్రాల్లో బిల్లు వేసేది కేవీఏహెచ్ యూనిట్ల మీద. యంత్రాలను నిజంగా నడిపిన కరెంటు కేడబ్ల్యూహెచ్. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. అది ఒకటికి దగ్గరగా ఉంటే మంచిది. తగ్గేకొద్దీ యంత్రాలు వాడుకోని దానికి కూడా డబ్బు కడుతున్నట్టు.

డిసెంబరులో మిల్లు 12,000 క్వింటాళ్ల ధాన్యం ఆడించింది. బిల్లులో 62,000 కేవీఏహెచ్ పడింది. జనవరిలో మన ఆడిటర్ పని జరిగింది. ఫిబ్రవరిలో 9,000 క్వింటాళ్లు ఆడించారు, బిల్లులో 38,700 పడింది. 62,000 నుంచి 38,700 అంటే 38 శాతం తగ్గినట్టే. కరపత్రంలో పడింది ఈ అంకె.

ఇప్పుడు యజమాని అడిగిన ప్రశ్న మనమే ముందుగా వేసుకుందాం. డిసెంబరులో 62,000ను 12,000తో భాగిస్తే క్వింటాల్‌కు 5.17 యూనిట్లు. ఫిబ్రవరిలో 38,700ను 9,000తో భాగిస్తే 4.30. తగ్గింది 17 శాతం. మిగతాదంతా ధాన్యం తగ్గడం వల్ల వచ్చిందే.

38 చూసి ముచ్చటపడ్డ మనసుకు 17 చప్పగా అనిపిస్తుంది. కానీ 38ని ఒక్క ప్రశ్నతో పడగొట్టవచ్చు, 17ను పడగొట్టలేరు. ఇంకా చెప్పాలంటే, ధాన్యం తక్కువ ఆడిన నెలలో క్వింటాల్‌కు పడే యూనిట్లు మామూలుగా కాస్త పెరగాలి. లైట్లు, ఉత్తినే తిరిగే మోటార్లు సరుకు తగ్గినంత మాత్రాన తగ్గవు కదా. ఆ ఎదురుగాలిలో కూడా 17 శాతం తగ్గిందంటే లెక్క మనవైపు మొగ్గలేదన్నమాట.

ఇక్కడ మరో గుంట ఉంది. ఆడిటర్ ఫిబ్రవరి బిల్లు కాకుండా మే నెల బిల్లు తీసుకుని ఉంటే? అప్పుడు మిల్లుకు వచ్చేది దాళ్వా ధాన్యం. ఎండల్లో కోతకొచ్చిన ఆ గింజ పచ్చి బియ్యంగా ఆడితే నూక ఎక్కువ పోతుంది కాబట్టి చాలా మిల్లులు దాన్ని ఉప్పుడు బియ్యం చేస్తాయి. నానబెట్టడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం తోడైతే కరెంటు లెక్కే మారిపోతుంది. సార్వా పచ్చి బియ్యాన్ని దాళ్వా ఉప్పుడు బియ్యంతో పోలిస్తే క్వింటాల్ లెక్క వేసినా తప్పే. డిసెంబరు, ఫిబ్రవరి రెండూ సార్వా ధాన్యమే, రెండుసార్లూ పచ్చి బియ్యమే ఆడారు కాబట్టి ఈ పోలిక నిలుస్తుంది.

మీ అంకె నిలుస్తుందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని క్లయింటు మిల్లులో మేస్త్రీకో, గుమాస్తాకో చూపించండి. "ఇది తగ్గడానికి మేం కాకుండా ఇంకేం కారణం ఉండొచ్చు?" అని అడగండి. అతను చెప్పే ప్రతి కారణాన్నీ లెక్కలోంచి తీసేయగలగాలి, లేదా కేస్ స్టడీలో ఒప్పుకోవాలి.

ఎంత తగ్గిందో కాదు, ఎందుకు తగ్గిందో

17 శాతాన్ని అలాగే వదిలేస్తే అది ఇంకా మాయలాగే ఉంటుంది. చదివేవాడు తన మిల్లులోకి వెళ్లి ఏం చూడాలో తెలియాలి. కాబట్టి ఆ అంకెను విప్పాలి.

డిసెంబరు బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.86. ప్యానెల్ తెరిచి చూస్తే 25 కేవీఏఆర్ కెపాసిటర్లలో మూడు చచ్చిపోయి ఉన్నాయి. మోటార్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఇది ఎవరికీ కనిపించదు, వినిపించదు. బిల్లులో మాత్రమే తెలుస్తుంది. మూడూ మార్చాక పవర్ ఫ్యాక్టర్ 0.98కి వచ్చింది. ఒక్క దీనివల్లే బిల్లు యూనిట్లు 12 శాతం తగ్గుతాయి. 0.86ను 0.98తో భాగించి చూడండి, 0.88 వస్తుంది.

రెండోది సార్టెక్స్ యంత్రానికి గాలి పంపే 15 హెచ్‌పీ కంప్రెసర్. సార్టెక్స్ ఆపేసి, గాలి ఎవరూ వాడని సమయంలో గడియారం పట్టుకుని చూశారు. గాలి వాడకం లేనప్పుడు కంప్రెసర్ ఒకసారి నిండాక ఊరుకోవాలి. ఇది ప్రతి పది నిమిషాల్లో మూడు నిమిషాలు లోడు మీద నడుస్తోంది. అంటే దాని సత్తాలో 30 శాతం గాలి పైపుల జాయింట్ల దగ్గరే పోతోంది. పైగా రాత్రి మిల్లు ఆగాక కూడా దాన్ని ఎవరూ ఆపడం లేదు. లీకులు కట్టి, రాత్రి ఆపే పని వాచ్‌మన్‌కు అప్పగించారు. దీనివల్ల యంత్రాలు వాడే కరెంటు క్వింటాల్‌కు 4.44 నుంచి 4.21కి, అంటే సుమారు 5 శాతం తగ్గింది. ఈ 5, పైన చెప్పిన 12 ఒకదాని మీద ఒకటి పడితే 17 దగ్గరికి వస్తాయి. లెక్క కుదిరింది.

మూడోది పని చేయనిది. ఎలివేటర్ల వదులు బెల్టులన్నీ మార్చారు. జారడం తగ్గింది, చప్పుడు తగ్గింది. మీటరులో మాత్రం విడిగా చూపించగలిగినంత తేడా రాలేదు. ఈ సంగతి కూడా రాయండి. మూడు పనుల్లో రెండే ఫలించాయని చెప్పే మనిషి ఆ రెండింటి గురించి చెప్పేది జనం నమ్ముతారు.

యజమాని మాట, యజమాని అనుమతి

అంకెలు బిల్లుల్లో దొరుకుతాయి. క్లయింటు మనసులో ఏముండేదో అడిగితేనే తెలుస్తుంది. "మా సర్వీసు ఎలా ఉందండీ?" అని అడగకండి. "బాగుందండీ" అంటాడు, అంతే. ఆ మాట ఎవరికైనా అతికించవచ్చు, అందుకే ఎవరికీ పనికిరాదు. ఇలా అడగండి: "మమ్మల్ని పిలవక ముందు ఈ బిల్లు సంగతి ఎవరికి చెప్పారు? వాళ్లేమన్నారు? మమ్మల్ని పిలవడానికి ఎందుకు వెనకాడారు?"

అప్పుడు అసలు మాట బయటికొస్తుంది. "ముందు మీటరు తప్పు తిరుగుతోందేమో అనుకున్నామండీ. మా ఎలక్ట్రీషియన్ అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. మీరు వస్తే సీజన్లో మిల్లు ఆపమంటారేమోనని భయపడ్డాను." చూడండి, ఈ మూడు వాక్యాల్లో పక్క మిల్లు యజమాని మనసు కూడా ఉంది. అతనూ మీటరునే అనుమానిస్తాడు. అతనికీ మిల్లు ఆగుతుందనే భయం ఉంది. కేస్ స్టడీ ఆ భయానికి జవాబు చెప్పాలి: పని ఎన్ని గంటల్లో అయింది, మిల్లు ఆపారా, ఎప్పుడు ఆపారు.

ఈ మాటలు పని అయిన వెంటనే కాదు, తేడా కనిపించిన మొదటి బిల్లు చేతికొచ్చిన రోజు అడగడం మంచిది. అప్పటికి ఆయనకు చెప్పడానికి ఏదో ఉంటుంది, పాత భయం ఇంకా మర్చిపోడు. ఆయన అన్నది అన్నట్టే రాసుకోండి. దాన్ని పుస్తక భాషలోకి మార్చి "వారి సేవలు అభినందనీయం" అని చేస్తే ఆ మాటలో మనిషి మాయమవుతాడు.

అనుమతి దగ్గర జాగ్రత్త ఉండాలి. "మీ పేరు వేసుకోవచ్చాండీ?" అని నోటితో అడిగి, సరేనన్నాడని అచ్చు వేయకూడదు. రాసిన కాగితం మొత్తం చూపించి, ఏ అంకెలు బయటికి వెళ్తున్నాయో వేలు పెట్టి చూపించి, సంతకం తీసుకోవాలి. మిల్లు వాళ్లకు పేరు కంటే సరుకు లెక్క సున్నితమైనది. నెలకు ఎన్ని క్వింటాళ్లు ఆడించారో పోటీవాళ్లకు తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇక్కడ మన క్వింటాల్ లెక్క రెండోసారి అక్కరకొస్తుంది. 12,000, 9,000 అనేవి మీ ఫైలులోనే ఉంచండి. 5.17, 4.30 మాత్రం అచ్చు వేయండి. చదివేవాడికి కావలసిందీ అదే, ఎందుకంటే పెద్ద మిల్లయినా చిన్న మిల్లయినా తన అంకెతో పోల్చుకోగలిగేది దాన్నే.

పేరు వద్దంటే బలవంతం చేయకండి. కాని పేరు తీసేసి ఊరు, వీధి, యంత్రం బ్రాండు, యజమాని వయసు ఉంచితే ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. "గోదావరి జిల్లాల్లో గంటకు నాలుగు టన్నుల పచ్చి బియ్యం మిల్లు" అంటే చాలు. అవసరమైన పోలిక అందులో ఉంది, మనిషి దొరకడు.

ఒక పేజీలో రాస్తే ఇలా ఉంటుంది

ఇప్పటిదాకా చూసినదంతా ఒక్క కాగితం మీదికి తెద్దాం.

*పచ్చి బియ్యం మిల్లులో క్వింటాల్‌కు 5.17 నుంచి 4.30 యూనిట్లకు*

*గోదావరి జిల్లాల్లో గంటకు నాలుగు టన్నుల సామర్థ్యం గల మిల్లు ఇది. హెచ్‌టీ కనెక్షన్. కొంతకాలంగా బిల్లు ఎక్కువ వస్తోందని యజమాని గమనించారు. "ముందు మీటరు తప్పు తిరుగుతోందేమో అనుకున్నామండీ. మా ఎలక్ట్రీషియన్ అన్నీ బాగానే ఉన్నాయన్నాడు."*

*మీటరు సరిగ్గానే ఉంది. బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.86 ఉంది. ప్యానెల్లో మూడు కెపాసిటర్లు పనిచేయడం లేదు. సార్టెక్స్ కంప్రెసర్ గాలిలో 30 శాతం లీకుల్లో పోతోంది, రాత్రిళ్లు కూడా అది ఆగడం లేదు.*

*కెపాసిటర్లు మిల్లు ఎలాగూ ఆపే ఒక ఆదివారం మార్చాం. లీకులు రాత్రి పూట కట్టాం. సీజన్లో మిల్లు ఒక్క పూట కూడా అదనంగా ఆగలేదు. ఎలివేటర్ బెల్టులు కూడా మార్చాం, వాటివల్ల కరెంటులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.*

*పనికి ముందు నెల డిసెంబరు, తర్వాతి నెల ఫిబ్రవరి. రెండింటిలోనూ సార్వా ధాన్యమే, పచ్చి బియ్యమే. క్వింటాల్‌కు బిల్లు యూనిట్లు 17 శాతం తగ్గాయి. మొత్తం ఖర్చు, మా ఫీజుతో కలిపి, 1,65,000 రూపాయలు. మిల్లు ఇదే ఊపులో నడిచే మూడు నెలల్లో అది తిరిగొస్తుంది. మిల్లు తక్కువ నడిచే నెలలు ఉంటే అంత ఆలస్యమవుతుంది.*

*మీ బిల్లులో కేడబ్ల్యూహెచ్‌ను కేవీఏహెచ్‌తో భాగించి చూడండి. 0.97 పైన వస్తే కెపాసిటర్ల విషయంలో మీకు మా అవసరం లేదు. 0.90 కన్నా తక్కువ వస్తే ఒకసారి ప్యానెల్ తెరిపించండి.*

మూడు నెలలన్న మాట ఎలా వచ్చిందో చూద్దాం, ఎందుకంటే యజమాని అదీ అడుగుతాడు. పాత లెక్కన 9,000 క్వింటాళ్లకు 46,500 యూనిట్లు పడేవి. పడింది 38,700. మిగిలింది 7,800. యూనిట్ 7 రూపాయలుగా వేసుకుంటే నెలకు 54,600 రూపాయలు. 1,65,000ను దానితో భాగిస్తే మూడు నెలలు దాటుతుంది, అంతే. ఇక్కడే చాలామంది ఆ 54,600ను 12తో గుణించి "ఏడాదికి ఆరున్నర లక్షలు" అని రాసేస్తారు. రైస్ మిల్లు ఏడాది పొడవునా ఒకేలా నడవదు. ఆ వాక్యం చదవగానే యజమాని మొహంలో మళ్లీ మొదటి ప్రశ్న కనిపిస్తుంది.

చివరి పేరా చూసి "వచ్చే క్లయింటును మనమే వద్దంటున్నామేమిటి" అనిపించవచ్చు. 0.98 ఉన్న మిల్లుకు వెళితే మీకు దొరికేది తక్కువ, పోయేది ఒక పూట. పైగా అతనికి చూపించడానికి ఫలితం రాదు, అంటే మీ తర్వాతి కేస్ స్టడీ కూడా రాదు. 0.86 ఉన్నవాడు మాత్రం కాగితం చేతిలో ఉండగానే గుమాస్తాను కేకేసి బిల్లు తెప్పిస్తాడు. ఆ భాగహారం అతనే చేసుకున్నాక మీరు ఒప్పించాల్సింది పెద్దగా ఉండదు.

ఈ వారం చేయాల్సిన పని

మీ పాత క్లయింట్లలో ఒకరి ఫైలు తీయండి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క పనికి ముందు అంకె, రెండో పక్క పని తర్వాత అంకె రాయండి. దాన్ని దేనితో భాగిస్తే సీజన్, గిరాకీ, సరుకు తేడాలు కొట్టుకుపోతాయో ఆలోచించండి. మిల్లుకు అది క్వింటాల్. చేపల చెరువుకు మేత వేసిన కిలోకు పెరిగిన బరువు కావచ్చు, ట్యూషన్ సెంటరుకు చేరిన పిల్లల్లో చివరిదాకా నిలిచినవారు కావచ్చు. భాగించాక అంకె చిన్నదైతే బాధపడకండి, చిన్నదే రాయండి. భాగించడానికి ముందరి అంకె ఎక్కడా దొరకకపోతే ఆ ఫైలు మూసేసి ఇంకోటి తీయండి. కొత్తగా వచ్చే క్లయింటు దగ్గర మాత్రం, పని మొదలుపెట్టే ముందు రోజే ఆ అంకె రాసిపెట్టుకోండి.

అప్పుడు మండపేటలో ఆ యజమాని మళ్లీ "ఏ నెలకీ, ఏ నెలకీ అండీ?" అని అడిగితే, మీరు చెప్పనక్కరలేదు. కాగితంలో ఆ వరస మీద వేలు పెడితే చాలు.